వస్తానని చెప్పి వెళ్ళేవాళ్ళం

తెలుగు సినిమాలకి ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ రాయడం నా పని. ఇందులో ఏది కష్టమని అడిగేవాళ్ళ మనసులో అప్పటికే ఒక జవాబు ఉంటుంది. కోర్టు సీనులో పేజీ పొడుగు డైలాగో, హీరో ఊపిరి తీసుకోకుండా విసిరే ప్రాసలో అని. నిజానికి వాటితో నాకు పెద్ద పేచీ లేదు. పొడుగు మాట తన సంగతులన్నీ తనే చెప్పుకుంటుంది: ఎవరు, ఎవరితో, ఎప్పటి మాట, ఎందుకన్నారు. నా చేయి ఆగిపోయేది పొట్టి మాటల దగ్గర. ఒకావిడ వీధి తలుపు తీసి, చూసి, ఇంట్లోకి తిరిగి "వచ్చాడు" అంటుంది. అంతే డైలాగు.

దానికి "హి కేమ్" అని రాస్తే తప్పు లేనట్టే ఉంటుంది. కానీ ఇంగ్లిష్ ఇళ్ళలో తలుపు తీసినవాళ్ళు ఎవరూ ఆ మాట అనరు. "హి ఈజ్ హియర్" అంటారు. అదే మాట పోలీసు స్టేషన్లో, "ఆ రాత్రి మీ ఇంటికి వచ్చాడా?" అన్న ప్రశ్నకి జవాబుగా వస్తే "హి కేమ్", ఇంకా సహజంగా "హి డిడ్". ఊళ్ళో అందరూ ఎదురుచూస్తున్న మనిషి గురించి ఫోన్లో చెప్తే "హి హాజ్ కమ్ బ్యాక్". తెలుగులో అక్షరం మారలేదు. ఇంగ్లిష్ మాత్రం మూడుసార్లు వేషం మార్చింది.

రోమన్ యాకబ్సన్ అనే భాషావేత్త 1959లో అనువాదం మీద రాసిన ఒక వ్యాసంలో చేసిన పరిశీలన నా పనికి బాగా పనికొచ్చింది. ఏ భాషలోనైనా ఏ విషయమైనా చెప్పొచ్చు, ఆ విషయంలో భాషలకి తేడా లేదు. తేడా అంతా ఏది చెప్పక తప్పదు అన్నచోట ఉంది అంటాడాయన. ఇంగ్లిష్‌లో క్రియ వాడాలంటే, జరిగినది అప్పటితో ముగిసిందా, ఇప్పటిదాకా సాగిందా అన్న ప్రశ్నకి జవాబు చెప్పి తీరాలి. తెలుగు ఆ ప్రశ్న అడగదు. దానికి బదులు తెలుగు క్రియ ఇంకోటి అడుగుతుంది: ఆ వచ్చినవాడి మీద నీకెంత మర్యాద? వచ్చాడా, వచ్చారా? ఇంగ్లిష్ క్రియకి ఆ ఊసే పట్టదు. కాబట్టి చిన్న వాక్యాన్ని అటు చేర్చడమంటే, తెలుగు అడగని ప్రశ్నలకి నేను జవాబు వెతకడం, తెలుగు చెప్పిన జవాబుల్ని ఇంగ్లిష్‌లో వేరే ఏదో మూల సర్దడం. కాలం, మర్యాద, మాటల వరస, మూడింటి సంగతీ ఇదే.

కాలంతో మొదలుపెడతాను. భూతకాలంలో నేను చేసే పరీక్ష ఒకటుంది. తెలుగు వాక్యం పక్కన, పైకి అనకపోయినా, ఏ మాట నప్పుతుందో చూస్తాను. "నిన్న", "అప్పుడు", "ఆ రోజు" లాంటివి నప్పితే సాదా భూతకాలం. "ఇప్పుడే", "ఇంకా", "ఎప్పుడైనా" లాంటివి నప్పితే "హాజ్", "హావ్" ఉన్న రూపం. "భోంచేశారా?" అని మధ్యాహ్నం పలకరిస్తే అక్కడ "ఇంకా లేదా" అన్న భావం దాగుంది, "హావ్ యు ఈటెన్?" సరిపోతుంది. పెళ్ళినుంచి తిరిగొచ్చినవాళ్ళని మర్నాడు "భోంచేశారా?" అంటే నిన్నటి విందు గురించి, "డిడ్ యు ఈట్ దేర్?" అనాలి. "రాలేదు" అన్న మాటా ఇంతే. "ఇంకా రాలేదు"కి "హాజంట్ కమ్ యెట్", "మొన్న మీటింగుకి రాలేదు"కి "డిడంట్ కమ్". "నిన్న" అనే మాట పైకి ఉంటే "హాజ్" అసలు నిలవదు. "హి హాజ్ కమ్ యెస్టర్డే" అని మనవాళ్ళు అనే వాక్యం ఇంగ్లిష్ చెవికి గుచ్చుకునేది అందుకే. అయితే ఈ పరీక్షకి ఒక మినహాయింపు ఉంది. అమెరికాలో "ఇప్పుడే వెళ్ళాడు"కి "హి జస్ట్ లెఫ్ట్" అనడం మామూలు, బ్రిటన్లో "హి హాజ్ జస్ట్ లెఫ్ట్" వైపు మొగ్గు. సినిమా ఎక్కడివాళ్ళ కోసమో ముందే అడిగి, మొదటి రీలునుంచి చివరిదాకా ఒకే పద్ధతి పాటిస్తాను.

ఈ పరీక్షకి లొంగని భూతకాలం కూడా తెలుగులో ఉంది. అది ఇంకా జరగని పనికి వాడే భూతకాలం. బస్‌స్టాపులో నిలబడ్డ మనిషి, బస్సు ఇంకా మలుపు దగ్గర ఉండగానే "అదిగో, బస్సొచ్చింది" అంటాడు. బస్సు రాలేదు, వస్తోంది. ఇంగ్లిష్ మనిషి అదే చోట వర్తమానం వాడి "హియర్ కమ్స్ ద బస్" అంటాడు. ఫోన్లో "వచ్చేశా, రెండు నిమిషాలు" అనే స్నేహితుడు ఇంకా చెప్పులు వెతుక్కుంటుంటాడు. "ఐ హావ్ కమ్" అని రాస్తే తెర మీద అది పచ్చి అబద్ధమైపోతుంది, పాత్ర మోసగాడైపోతాడు. మనవాడు మోసగాడు కాదు, బద్ధకస్తుడు. "ఆల్మోస్ట్ దేర్!" అంటే బద్ధకమూ మిగిలింది, నవ్వూ మిగిలింది. తెలుగులో "వచ్చేశా"కి పని పూర్తయిందన్న అర్థం కన్నా పూర్తయినట్టే లెక్కేసుకో అన్న భరోసా ఎక్కువ. తర్జుమా చేయాల్సింది ఆ భరోసాని.

భవిష్యత్తుకి వస్తే "వస్తాడు" ఒక్కటే రెండు పనులు చేస్తుంది. "రేపు వస్తాడు" రాబోయేది, "రోజూ వస్తాడు" అలవాటు. చిన్నయసూరి బాలవ్యాకరణంలో అలవాటుకి తద్ధర్మార్థకమని వేరే పేరుంది, అక్కడ భవిష్యత్తు రూపం వేరు. ఇవాళ్టి మన వాడుకలో రెండూ కలిసిపోయాయి. భద్రిరాజు కృష్ణమూర్తి, గ్విన్ కలిసి 1985లో ఇంగ్లిష్‌లో వెలువరించిన ఆధునిక తెలుగు వ్యాకరణం కూడా ఈ రూపానికి భవిష్యత్తు, అలవాటు రెండూ కలిపిన పేరే పెట్టింది. "ఆయన సిగరెట్టు తాగడు" అంటే అలవాటు లేదనా, ఇప్పుడు ఇస్తే తీసుకోడనా? "డజంట్ స్మోక్" ఒకటి, "వోంట్ స్మోక్" ఇంకొకటి. రెండోదాంట్లో మొండితనం వినిపిస్తుంది. తండ్రిని పొగుడుతున్న కూతురి నోట "వోంట్" పెడితే ఆవిడ ఫిర్యాదు చేస్తున్నట్టవుతుంది.

రాబోయేదాన్ని ఇంగ్లిష్ మళ్ళీ పంచుకుంటుంది. గంట మోగగానే "నేను తీస్తా" అంటే అప్పటికప్పుడు అనుకున్నది, "ఐ విల్ గెట్ ఇట్". "రేపు చెన్నై వెళ్తున్నా" అంటే టిక్కెట్టు కొన్న సంగతి, "ఐ యామ్ గోయింగ్ టు చెన్నై టుమారో". "రైలు ఆరింటికి వస్తుంది" అంటే టైమ్‌టేబుల్ మాట, "ద ట్రెయిన్ గెట్స్ ఇన్ అట్ సిక్స్". మూడింటికీ "విల్" పెడితే వ్యాకరణం తప్పనదు, కానీ పాత్రలన్నీ ప్రతి క్షణం కొత్త నిర్ణయాలు తీసుకుంటున్నట్టు వినిపిస్తాయి.

మన ఇంగ్లిష్‌లో బాగా పాతుకుపోయిన ఒక వాక్యం సంగతి చూడండి. "వియ్ ఆర్ లివింగ్ హియర్ సిన్స్ టెన్ ఇయర్స్." దీన్ని వెక్కిరించడం తేలిక, కానీ దీని వెనక తెలుగు అచ్చంగా కనిపిస్తుంది. "పదేళ్ళ నుంచి ఇక్కడ ఉంటున్నాం" అంటాం. ఆ "ఉంటున్నాం" వర్తమానం, కాబట్టి "ఆర్ లివింగ్". ఆ "నుంచి" రెండు పనులు చేస్తుంది. "2010 నుంచి" అని మొదలైన చోటు చూపిస్తుంది, "పదేళ్ళ నుంచి" అని పొడవూ చూపిస్తుంది. ఇంగ్లిష్ మొదలుకి "సిన్స్", పొడవుకి "ఫర్" అని విడదీసింది. ఇక అప్పుడు మొదలై ఇప్పటికీ సాగుతున్న పనికి దాని దగ్గర వేరే క్రియారూపం ఉంది: "వియ్ హావ్ బీన్ లివింగ్ హియర్ ఫర్ టెన్ ఇయర్స్". మన వాక్యంలో మాటలు ఇంగ్లిష్‌వి, లెక్క తెలుగుది. నేను మాత్రం ఆ వాక్యాన్ని పూర్తిగా పారేయను. సినిమాలో తెలుగు పాత్ర తెల్లవాడితో ఇంగ్లిష్‌లోనే మాట్లాడే సీనుంటే దాన్ని అలాగే వదిలేస్తాను. అక్కడ అది తప్పు కాదు, పాత్ర.

మర్యాద దగ్గరికి వద్దాం. తెలుగులో మర్యాద క్రియ చివర కూర్చుంటుంది. రా, రండి. ఇవ్వు, ఇవ్వండి. ఆ చివర తీసేస్తే వాక్యమే లేదు. ఇంగ్లిష్‌లో "గివ్" ఎవరితోనైనా "గివ్"వే. మరి మర్యాద ఎక్కడుంటుంది? చాలామంది "ప్లీజ్" అని చేర్చేస్తే పనైపోయిందనుకుంటారు. "ప్లీజ్ ఓపెన్ ద డోర్" మర్యాదైన ఆజ్ఞే గానీ, ఆజ్ఞ కాకుండా పోదు. పరాయివాళ్ళని సాయం అడిగేటప్పుడు ఇంగ్లిష్ ఆజ్ఞని ప్రశ్నలో దాచేస్తుంది: "కుడ్ యు ఓపెన్ ద డోర్?" మన భాషలో అదే పని చేసే ఒక చిన్న మాట ఉంది, అది చిన్నది కనకే నిఘంటువు చూసి రాసేవాళ్ళని బోల్తా కొట్టిస్తుంది. "కొంచెం తలుపు తీయండి." తలుపు కొంచెమే తీయమని కాదు. ఆ "కొంచెం" తలుపుకి కాదు, తీసేవాళ్ళకి కలిగే శ్రమకి. "కొంచెం జరగండి", "కొంచెం చెప్పండి", "కొంచెం ఆ పుస్తకం ఇస్తారా" అన్నింటిలోనూ అంతే. దాన్ని "ఎ లిటిల్" అని రాస్తే మనిషి సందు లోంచి దూరాలి. "కుడ్ యు" అని రాస్తే ఆ "కొంచెం" తన చోట తను సర్దుకున్నట్టే.

అయితే ప్రతి "అండి"కీ "కుడ్ యు" తగిలించడం ఇంకో ప్రమాదం. ఇక్కడ చూడాల్సింది పని ఎవరికి లాభమని. తలుపు తీస్తే లాభం అడిగినవాడికి, కాబట్టి బతిమాలాలి. "కూర్చోండి" అంటే లాభం వచ్చిన చుట్టానికి. అక్కడ "కుడ్ యు సిట్ డౌన్?" అంటే ఇంటికొచ్చిన పెద్దమనిషిని విమానంలో ఎయిర్ హోస్టెస్ మందలించినట్టుంటుంది. "డు సిట్ డౌన్", "హావ్ ఎ సీట్" అనాలి. "ఇంకాస్త వేసుకోండి"కి "హావ్ సమ్ మోర్". ఎదుటివాళ్ళకి మేలు చేసే మాట ఇంగ్లిష్‌లో సూటిగా ఉన్నప్పుడే మర్యాద. ఈ ఒక్క తేడా పట్టుకుంటే పెళ్ళి సీనులో సగం డైలాగులు వాటంతటవే దారికొస్తాయి.

పిలుపుల్లో ఇంకో చిక్కుంది. తండ్రి కూతుర్ని "ఇలా రామ్మా" అంటాడు. అక్కడ అమ్మ లేదు, ముద్దుంది. "కమ్ హియర్, మదర్" అని రాస్తే థియేటర్లో నవ్వుతారు, అదీ ఏడవాల్సిన చోట. "కమ్ హియర్, డియర్" చాలు. "ఏమండీ" ఇంకా జాగ్రత్తగా చూడాలి. దానికి సరిసమానమైన మాట లేదు కదా అని కొందరు భర్త పేరు పెట్టేస్తారు. ఆయన పేరు నోట పలకని ఇల్లాలి చేత పేరు పెట్టి పిలిపించడమంటే, ఆవిడ పెరిగిన ఇల్లే మార్చేయడం. నేను "లిజన్" అనో, గదిలో లేని మనిషినైతే "ఆర్ యు దేర్?" అనో రాస్తాను. పేరు పెట్టకపోవడమే అక్కడ మర్యాద, దాన్ని ఇంగ్లిష్‌లోనూ నిలబెట్టొచ్చు.

అన్నిటికన్నా నన్ను ఎక్కువసేపు కూర్చోబెట్టేవి మర్యాద మారే సీన్లు. సినిమా సగం వరకూ భార్య తన భర్తని "ఆయన" అంటుంది. సంగతి బయటపడ్డాక చెల్లెలితో మాట్లాడుతూ "వాడు" అంటుంది. తెలుగు ప్రేక్షకుడికి ఆ ఒక్క మాటతో కాపురం కూలిన చప్పుడు వినిపిస్తుంది. ఇంగ్లిష్‌లో రెండూ "హి". చోటు మార్చడం తప్ప దారి లేదు. ముందు సీన్లలో వీలైన చోటల్లా "మై హస్బెండ్" అని రాసి పెట్టుకుంటాను. ఆ సీను వచ్చేసరికి "దట్ మ్యాన్" అంటాను. అంటే నలభయ్యో సీను కోసం పదో సీనులోనే చోటు దాచుకోవాలి. చిన్న వాక్యాన్ని ఒంటరిగా అనువదించడం కుదరదని నాకు నేర్పింది ఈ "వాడు"లే. మర్యాద పెరిగితే ప్రేమ పెరిగినట్టని కూడా లేదు. పదింటికి లేచిన కొడుకుతో తండ్రి "తమరు ఎప్పుడు లేచారు?" అంటే అది మర్యాద కాదు, కర్ర. "అండ్ వెన్ డిడ్ హిజ్ లార్డ్‌షిప్ గెట్ అప్?" అని ఎదురుగా ఉన్నవాణ్ణే మూడో మనిషిని చేస్తే ఆ దెబ్బ తగులుతుంది.

మూడోది మాటల వరస. తెలుగులో మాటల్ని ఎటైనా తిప్పొచ్చని బళ్ళో చెప్తారు. తిప్పొచ్చు, కానీ ఊరికే తిప్పం. "రాము డబ్బిచ్చాడు" అంటే రాము ఏం చేశాడన్న ప్రశ్నకి జవాబు. "డబ్బు రాము ఇచ్చాడు" అంటే డబ్బు సంగతి ముందే నడుస్తోంది, ఎవరిచ్చారన్నదే ప్రశ్న. "డబ్బిచ్చింది రాము" అంటే ఇంకెవరో ఇచ్చారని ఎవరో అనుకుంటున్నారు, వాళ్ళని దిద్దుతున్నాం. ఇంగ్లిష్‌లో మొదటి రెండూ "రాము గేవ్ ద మనీ"యే. రెండోదాంట్లో "రాము" మీద గొంతు ఒత్తుతారు, అంతే తేడా. తెర మీద అక్షరాలకి గొంతు ఉండదు. కాబట్టి రెండోదానికి "ద మనీ కేమ్ ఫ్రమ్ రాము" అని డబ్బునే ముందుకి తెచ్చే క్రియ వెతుక్కుంటాను. మూడోదానికి "ఇట్ వాజ్ రాము హూ పెయిడ్" అన్న నిర్మాణం సరిగ్గా సరిపోతుంది. ఆ నిర్మాణం ఇంగ్లిష్‌కి సహజమే, కానీ పదే పదే వాడితే పాత్రలన్నీ సాక్ష్యం చెప్తున్నట్టుంటాయి. అందుకే దిద్దుబాటు ఉన్న చోటే ఖర్చు పెడతాను.

తెలుగు వాక్యం తన గుట్టు చివర్న విప్పుతుంది. సినిమా రాసేవాళ్ళకి అది తెలుసు, నటులకి ఇంకా బాగా తెలుసు. "మీ నాన్నని చంపింది..." అని ఆగి, వెనక్కి తిరిగి, "నేనే" అంటాడు విలన్. "ఐ కిల్డ్ యువర్ ఫాదర్" అని రాస్తే ఆయన తిరగకముందే ప్రేక్షకుడికి తెలిసిపోతుంది. సంగీతం ఆలస్యంగా ఉలిక్కిపడుతుంది. "ద మ్యాన్ హూ కిల్డ్ యువర్ ఫాదర్..." అని ఒక సబ్‌టైటిల్, తిరిగాక "వాజ్ మి" అని ఇంకొకటి. ఇంతవరకూ సుఖమే. "నీకు అప్పిస్తాను... అనుకున్నావా?" మరీ గడుసుది. ముందు సగం మాట ఇచ్చినట్టుంటుంది, చివరి మాట దాన్ని లాగేసుకుంటుంది. "డిడ్ యు థింక్ ఐ వుడ్ లెండ్ యు మనీ?" అంటే మొదటి మాటకే కథ అయిపోయింది. కాబట్టి వాక్యాన్ని రెండు చేస్తాను. "షూర్, ఐ విల్ లెండ్ యు ద మనీ." కాసేపాగి, "ఈజ్ దట్ వాట్ యు థాట్?" వరస పాటించడమంటే మాట వెనక మాట పేర్చడం కాదు, ఏది ఎప్పుడు తెలియాలో ఆ క్రమం కాపాడటం.

ఇవన్నీ ఒక్కచోట ఎలా కలుస్తాయో చూపించడానికి ఒక చిన్న సీను రాస్తాను. సాయంత్రం, పల్లెటూరు. ఒక పెద్దాయన మాష్టారింటి ముందు నిలబడి ఇంటి కోడల్ని పిలిచాడు.

"మాష్టారున్నారా అమ్మా?"
"లేరండీ, ఇప్పుడే బయటికెళ్ళారు. కూర్చోండి, వచ్చేస్తారు."
"పర్లేదమ్మా. మొన్న కూడా వచ్చాను."
"చెప్పారు. మీరొస్తే ఇది ఇమ్మన్నారు."
"ఆయనే ఇమ్మన్నారా?"
"ఆయనే."
"సరే, వస్తానమ్మా."

మొదటి మాట "ఈజ్ మాష్టారు ఇన్?" అవుతుంది. "మాష్టారు"ని అలాగే ఉంచుతాను, సినిమా మొదటి పది నిమిషాల్లో ప్రేక్షకుడికి అది అలవాటైపోతుంది. "అమ్మా" పోతుంది, దాని బాధ్యత నటుడి గొంతుది. రెండో మాటలో "ఇప్పుడే" ఉంది కాబట్టి "హి హాజ్ జస్ట్ గాన్ అవుట్". "కూర్చోండి" చుట్టానికి మేలు, కాబట్టి "హావ్ ఎ సీట్". "వచ్చేస్తారు"లోని "ఏస్తారు" త్వరగా అన్న భరోసా, "హి వోంట్ బి లాంగ్".

"మొన్న" అంటే సరిగ్గా నిన్నటి ముందు రోజా, ఈ మధ్య ఎప్పుడోనా? పెద్దాయన రోజులు లెక్కపెట్టడం లేదు, రెండోసారి తిరిగానని చెప్తున్నాడు. "ఐ కేమ్ బై ది అదర్ డే టూ." గడిచిన రోజు మాట ఉంది కాబట్టి "హావ్" ఉండకూడదు. "చెప్పారు"లో కర్త లేడు. బహువచనం మర్యాదకా, ఇద్దరు ముగ్గురు చెప్పారనా? సీను మాష్టారి చుట్టూ తిరుగుతోంది కాబట్టి "హి టోల్డ్ మి".

ఇక "మీరొస్తే". దీని దగ్గర నేను ఎక్కువసేపు కూర్చుంటాను. తెలుగులో ఈ "స్తే" రావడం ఖాయమైనా వాడతాం, అనుమానమైనా వాడతాం. ఇంగ్లిష్ "వెన్" అనమంటుంది లేదా "ఇఫ్" అనమంటుంది. "వెన్ యు కేమ్" అంటే ఈయన మళ్ళీ వస్తాడని మాష్టారికి గట్టి నమ్మకం. "ఇఫ్" అంటే రాకపోయినా ఆశ్చర్యం లేదు. కోడలు అందించిన కవరులో ఉన్నది పాత అప్పు డబ్బైతే, రావడం ఖాయం, "వెన్". తెగిపోయిన స్నేహం తాలూకు ఉత్తరమైతే "ఇఫ్". కవరులో ఏముందో తెలియకుండా ఈ ముక్క రాయలేను. అందుకే సినిమా మొత్తం ఒకసారి చూడనిదే మొదటి వరస కూడా మొదలుపెట్టను. ఇది ఉత్తరమే అనుకుందాం. "హి సెడ్ టు గివ్ యు దిస్, ఇఫ్ యు కేమ్." తెలుగులో కోడలు మాష్టారి మాటని ఆయన అన్న కాలంలోనే తెచ్చి ఇచ్చింది. ఇంగ్లిష్‌లో "సెడ్" పడగానే వెనకున్న "కమ్" కూడా "కేమ్"గా వెనక్కి జరగాలి.

"ఆయనే ఇమ్మన్నారా?" అన్నదాంట్లో బరువంతా ఆ "ఏ" మీద ఉంది. "హి హిమ్‌సెల్ఫ్ సెడ్?" అంటే బరువు నిలుస్తుంది, ఇంగ్లిష్ నిలవదు. పెద్దాయన అసలు అడుగుతున్నది, ఇది ఆయన మనసులోంచి వచ్చిందా, ఇంట్లోవాళ్ళు సర్దిచెప్తే ఇచ్చాడా అని. "వాజ్ దట్ హిజ్ ఐడియా?" జవాబు "ఆయనే"కి "ఇట్ వాజ్" చాలు. తెలుగులో ఒక్క మాట, ఇంగ్లిష్‌లో రెండు పొట్టి మాటలు, బరువు సమానం.

"వస్తానమ్మా" అని పెద్దాయన వెళ్ళిపోతాడు. "ఐ విల్ కమ్" అంటే అర్థం తిరగబడుతుంది, వెళ్తున్న మనిషి వస్తున్నాడంటున్నామేమిటని ప్రేక్షకుడు తికమకపడతాడు. "ఐ విల్ బి ఆఫ్, దెన్" అని రాస్తాను. మామూలు రోజున ఇంతకన్నా ఆలోచించక్కర్లేదు, మన "వస్తాను"లో తిరిగి రావడం ఎప్పుడో అరిగిపోయింది. కానీ ఈ సీనులో, రెండుసార్లు తిరిగి, ఉత్తరం చేతికందాక ఆయన నోట ఆ మాటకి ప్రాణం లేచిందని దర్శకుడు అంటే మాత్రం మారుస్తాను: "ఐ విల్ కమ్ బై అగైన్." అది నా నిర్ణయం కాదు, ఆ నటుడు గేటు దగ్గర వెనక్కి చూశాడా లేదా అన్నదాన్ని బట్టి.

రాసింది సరిపోయిందో లేదో తెలుసుకునే పద్ధతి ఒకటుంది. తెలుగు బొత్తిగా రాని స్నేహితుల్ని కూర్చోబెట్టి, సీను ఒక్కసారి నడిపి ప్రశ్నలడుగుతాను. మాష్టారు ఇంట్లో ఉన్నాడా? ఈయన ఇంతకు ముందు వచ్చాడా? ఇద్దరిలో ఎవరు పెద్ద? కోడలికి ఈయనంటే చిరాకా, గౌరవమా? మొదటి రెండింటికి తప్పు జవాబొస్తే కాలం చెడింది, చివరి రెండింటికి తప్పొస్తే మర్యాద చెడింది. సరిగ్గా చెప్పి కూడా "ఇంకోసారి వెయ్యి" అన్నారంటే మాటల వరస చెడింది, ఒక్క చూపులో చదవలేకపోయారన్నమాట.

ఎందుకంటే చదవడానికి వాళ్ళకి దొరికేది ఆ మాట నడిచినంతసేపే. చాలా సంస్థలు పెట్టే హద్దు తెర మీద రెండు వరసలు, వరసకి ఖాళీలతో కలిపి 42 అక్షరాలు. కథల్ని అనువదించేవాళ్ళకి ఇంకో వాక్యం చేర్చుకునే వీలుంది, "అని గౌరవంగా అన్నది" అని పక్కన రాసుకోవచ్చు. నాకు లేదు. చోటు చాలనప్పుడు ముందు పిలుపులు వదిలేస్తాను, అవి చెవికి ఎలాగూ వినిపిస్తాయి. తర్వాత మర్యాద మాటలు, వాటిని ఒంగిన నడుమూ కట్టిన చేతులూ కొంత మోస్తాయి. మాటల వరస మాత్రం నటుడి మౌనం ఎక్కడుందో అక్కడిదాకా పట్టుకుంటాను. కాలాన్ని ఎప్పుడూ వదలను. గుమ్మంలో ఉన్న మనిషి వచ్చాడా, వచ్చి వెళ్ళాడా, ఇంకా రావాలా అన్నది ముఖాలు చూసి చెప్పలేం, సంగీతం విని అసలే చెప్పలేం. అది అక్షరాల్లోనే ఉండాలి.